ఇక్కడే ఉన్నానండి బాబూ!

"ఇక్కడే ఉన్నానండి బాబూ!" అని ఫోనులో ఆటో అతను అంటే అది అబద్ధం కాదు. లోకంలో ప్రతివాడూ ఎప్పుడూ ఇక్కడే ఉంటాడు. చిక్కల్లా ఆ ఇక్కడ ఎక్కడన్నదే. అప్పటికది నాలుగో కాల్. అడ్రసు మెసేజీ పెట్టి అరగంటయింది. చూశానంటాడు. నిజంగానే చూశాడు, చదవలేదు. ఆ రెంటికీ తేడా ఉందని మనకి అయిదో కాల్‌లో తెలుస్తుంది. తెలియగానే గేటు దగ్గర నిలబడ్డ పెద్దమనిషి ఇంట్లోకి తిరిగి, "చదువు రానివాడు దొరికాడే, ఇంక మనం వెళ్లినట్టే" అని తీర్పు చెప్పేస్తాడు. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ రోజూ వినపడే ఈ తీర్పు మీద నాకు చాలా రోజులుగా గుర్రుగా ఉంది. నా వాదన ఒక్కటే. ఆ అడ్రసు గడగడా చదవగలిగినా అతను మనింటికి రాలేడు. మనింటికి దారి తెలియనిది అతనికి కాదు, మనకే.

అడ్రసులో ఏముందో ఒకసారి చూడండి. డోర్ నంబరు 14-6-32/2ఏ అనుకుందాం. అది మునిసిపాలిటీవారు ఇంటిపన్ను కోసం వేసుకున్న గుర్తు. మొదటి అంకె వార్డుదో బ్లాకుదో, తర్వాతది వీధిది, ఆ తర్వాతది ఇంటిది. గీతకి ఇవతలున్న రెండు, అన్నదమ్ములు వాటాలు పంచుకున్న నాటి జ్ఞాపకం. చివరనున్న ఏ, పైన వేసిన పోర్షన్. వంశవృక్షం గీసుకోవడానికి పనికొచ్చే సమాచారమే గానీ బండి ఎటు తిప్పాలో ఇందులో ఎక్కడా లేదు. 32 పక్కన 33 ఉంటుందన్న హామీ కూడా లేదు. ఇక చివరనుండే పిన్‌కోడు 1972 ఆగస్టు 15న వచ్చింది, ఉత్తరాలు వేరుచేసేవారి సౌకర్యం కోసం. ఉత్తరం పోస్టాఫీసుకి చేరాక అక్కడినుంచి ఇల్లు వెతకడానికి పోస్ట్‌మాన్ ఉన్నాడు. ఆయన కూడా నంబరు చూసి రాడు, మనిషిని గుర్తుపట్టి వస్తాడు. అంటే మన అడ్రసు, దారి ముందే తెలిసినవాడికి మాత్రమే దారి చెబుతుంది.

"లైసెన్సు ఎలా ఇచ్చారండీ మరి?" అని ఒకరంటారు. సరుకు బండికీ బాడుగ బండికీ లైసెన్సు కావాలంటే ఎనిమిదో తరగతి ప్యాసవ్వాలన్న నిబంధన ఉండేది. దాన్ని 2019లో కేంద్రం తీసేసింది. అది ఉన్నా మనకి ఒరిగేదేమీ లేదు. తెలుగు వాచకం చదివినవాడు మనం ఇంగ్లీషు అక్షరాల్లో పంపే 'ఆపోజిట్', 'బిహైండ్', 'బిసైడ్'ల ముందు బోల్తాపడతాడు. "లొకేషన్ పెట్టేయొచ్చుగా" అని ఇంకొకరంటారు. పెట్టొచ్చు. అది మనింటి వెనకవీధిలో, ప్రహరీగోడకి అవతల, మన పెరటి కొబ్బరిచెట్టుకి సరిగ్గా నాలుగు గజాల దూరంలో అతన్ని దింపుతుంది. మ్యాపు లెక్కలో వచ్చేసినట్టే. గోడ దూకడం మ్యాపుకి సంబంధించిన విషయం కాదు.

"పోనీ, గుర్తులు చెబుతాం కదా?" చెబుతాం. ఎలా చెబుతామో చూద్దాం. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ ఉంది. "ఏడు రోడ్ల కాడినుంచి తిన్నగా వచ్చీ" అంటాం. నాలుగు రోడ్ల కూడలికి తిన్నదనం ఉంటుంది. ఒక రోడ్డున వస్తే ఎదర ఒకటి, ఎడమకొకటి, కుడికొకటి. ఏడింటిని సమానంగా పరిచామనుకోండి, మనం వచ్చిన రోడ్డుకి సరిగ్గా ఎదురుగా రోడ్డనేదే ఉండదు. బేసి లెక్క కదా! అక్కడ విగ్రహమో దుకాణమో ఉండాలి. మిగిలిన ఆరింట్లో మూడోదీ నాలుగోదీ తిన్నదనానికి పోటీ పడతాయి. "మూడో రోడ్డు" అంటే ఎటునుంచి లెక్క? వచ్చిన రోడ్డు కూడా లెక్కేనా? ఇది గణితశాస్త్రం, దీన్ని మనం ఇంజను చప్పుడులో తేలుస్తున్నాం. విజయనగరానిది ఇంకో తీరు. మూడు లాంతర్ల స్తంభాన్ని 2020లో కూల్చినప్పుడు పెద్ద గొడవే అయింది. స్తంభం కూలింది గానీ గుర్తు కూలలేదు, జనం "మూడు లాంతర్ల కాడ" అనడం మానలేదు. ఇలా లేని చెట్టు, మూసేసిన సినిమాహాలు, పేరు మారిన హోటలు మన నోళ్లలో బతికే ఉంటాయి. ఇక రైలు కథ వేరు. శ్రీకాకుళం రోడ్ అన్న బోర్డు చదివి దిగినవాడు ఆమదాలవలసలో తేలతాడు. అసలు ఊరు పది కిలోమీటర్ల పైమాటే. ఆ బోర్డు చదవలేనివాడికి అది ఆమదాలవలసేనని ఎప్పుడో తెలుసు. చదువు మోసం చేసే చోట్లు కూడా ఉంటాయి.

మరి ఎలా చెప్పాలి? ముందు బండి ఆపమనాలి. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించి నడిపేవాడికి ఎడమైనా కుడైనా ఒకటే. "ఎక్కడున్నావు" అని అడక్కూడదు, జవాబు మనకి తెలిసిందే. "నీ ఎదర ఏటి కనపడతంది?" అనాలి. బోర్డుల మీద పేర్లు వద్దు. రంగు, ఆకారం, చప్పుడు, వాసన చెప్పాలి. అరసవల్లి రోడ్డులో ఇల్లనుకోండి. "మిల్లు జంక్షన్ దాటినాక నీ ఎడంచెయ్యి పక్క ట్రాన్స్‌ఫార్మరు, దాన్ని ఆనుకుని పిండిమర. చప్పుడు వినపడతాది. ఆ సందులోకి తిరుగు. నీలం గేటు" అనాలి. అన్నిటికంటే విలువైన మాట చివరిది: "గుడి కాడికి వచ్చీసావంటే దాటిపోయినట్టే, ఎనక్కి తిరుగు." తప్పిపోయానని తనకి తానే తెలుసుకునే గుర్తు ఒక్కటిస్తే మూడు కాల్స్ మిగులుతాయి. అదీ కుదరకపోతే, "పక్కన కొట్టాయనకి ఫోనియ్యి బాబూ" అనడమే. ఇన్ని చెప్పాలంటే మాత్రం మనం ఒక్కసారైనా మన వీధిలోకి కొత్తవాడి కళ్లతో నడిచి రావాలి. ఇరవయ్యేళ్లుగా ఉంటున్న వీధిలో పిండిమర ఎడమవైపో కుడివైపో ఠక్కున చెప్పలేని మనం, ఫోనులో అతని మీద అరుస్తాం.

ఒక్క సంగతి మాత్రం నవ్వు రానివ్వదు. అతను చదవడం రాదని మొదటి కాల్‌లో చెప్పడు. "స్క్రీను పగిలిపోనాదండి" అంటాడు. "ఎండకి అక్షరాలు కనపడ్నేదండి" అంటాడు. "నోటితో చెప్పీండి బాబూ, వచ్చీస్తాను" అంటాడు. 2011 జనాభా లెక్కల్లో విజయనగరం జిల్లా అక్షరాస్యత 58.89 శాతం, శ్రీకాకుళం జిల్లాది 61.74. అంటే ఈ పగిలిన స్క్రీన్లన్నీ పగిలినవి కావు. అన్నేళ్లు ఊరంతా తిరిగి, ప్రతి సందూ గొందీ తలలో పెట్టుకున్న మనిషి, మనకి తెలియకూడదని ఫోను మీద నేరం వేస్తున్నాడు. మనమేమో ఆ ఫోను సంగతే పట్టుకుని, కొత్తది కొనుక్కోవచ్చు కదయ్యా అని సలహా కూడా ఇస్తాం. చివరికి ఎలాగో వచ్చి గేటు ముందు ఆగి, మనం నోరు తెరవకముందే, "ఆలిస్యమైపోనాది, ఏటీ అనుకోకండి" అంటాడు. ఆ మాట అనాల్సింది అతనేనా అన్న సందేహం, సామాన్లు ఎక్కించే హడావుడిలో ఎవరికీ రాదు.