ఫిబ్రవరి ఒకటో మాత్ర

తిరుపతిలో రికార్డింగ్ అంటే రాత్రి పదకొండు దాటాకే. పగలంతా యాత్రికుల బస్సులు, జీపుల హారన్లు, ఏదో ఒక మైకులో గోవిందనామాలు. అవన్నీ సద్దుమణిగాక, గోడలకు పాత దుప్పట్లు కొట్టిన మా గదిలో తలుపేసుకుని, ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ నేను పాఠాలు చదువుతాను. కంప్యూటర్ ముందు కూర్చునే కుర్రాడు నన్ను ‘నా’ అని పిలుస్తాడు. మా చిత్తూరు వైపు ‘అన్నా’లో సగం మింగేసినా మర్యాదలో మాత్రం ఏమీ తగ్గించరు.

ఈమధ్య వచ్చిన పని ఆశా కార్యకర్తలకు ఒక ఆన్‌లైన్ పాఠం. పిల్లలకు విరేచనాలైతే ఓఆర్ఎస్, జింక్ ఎలా ఇవ్వాలన్నది విషయం. మొదటి వాక్యం మాత్రం ఇది: “చిత్తూరు జిల్లా 1-4-1911న, తిరుపతి జిల్లా 04-04-2022న ఏర్పడ్డాయి.” విరేచనాలకూ జిల్లాల పుట్టినరోజులకూ ఏం సంబంధమని నేను అడగలేదు. అడిగేవాడికి రెండోసారి పని రాదు.

గొంతు సవరించుకుని “ఒకటి నాలుగు పంతొమ్మిది వందల పదకొండున” అన్నాను. కుర్రాడు ఆపేశాడు.

“ఏం నా, అది తేదీనా, ఫోన్ నంబరా?”

నిజమే. మనం నోటితో తేదీ చెప్పేటప్పుడు పెద్దది ముందు, చిన్నది వెనక. సంవత్సరం, నెల, చివరికి రోజు. ఆ ‘న’ కూడా రోజుకే అతుక్కోవాలి: “పంతొమ్మిది వందల పదకొండు ఏప్రిల్ ఒకటో తేదీన.” అలా చదివి పంపితే, పాఠం రాయించిన సంస్థలో తప్పులు చూసే ఆయన “జనవరి నాలుగు కదా?” అని తిప్పి పంపాడు. ఆయన అమెరికా వాళ్ల పద్ధతికి అలవాటు పడిన మనిషి, నెల ముందు చూస్తాడు. తిరుపతి జిల్లా తేదీతో మాత్రం ఎవరికీ పేచీ రాలేదు. నాలుగో నెల నాలుగో తేదీ, ఎటు తిప్పినా ఒకటే. మా లాంటి వాళ్ల కష్టం తెలిసిన అధికారి ఎవరో పెట్టిన ముహూర్తమై ఉండాలి.

తేదీ కుదిరింది, టైము కుదరలేదు. ఇంగ్లిష్ పాఠానికి కొలిచి పెట్టిన బొమ్మలవి. ‘నైన్‌టీన్ ఎలెవెన్’ అంటే ఐదు పలుకులు. ‘పంతొమ్మిది వందల పదకొండు’ అంటే లెక్కపెట్టుకోండి, పదకొండు. నేను ఇంకా ‘వందల’ దగ్గర ఉండగానే తెర మీద ఓఆర్ఎస్ పొట్లం వచ్చేసింది. అంకె ఉన్న ప్రతి చోటా బొమ్మను కాస్త ఎక్కువసేపు నిలపమని రాసి పంపాను. నన్నే కాస్త వేగంగా చదవమన్నారు.

తర్వాతి వాక్యం: “2 ఏళ్లలోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50-100 మి.లీ. ఓఆర్ఎస్.” మా ఊరి అలవాటు కొద్దీ “యాభై నూరు మిల్లీలీటర్లు ఓఆర్ఎస్” అని చదివాను. అప్పుడే మంచినీళ్లు తెచ్చిన అమ్మ గుమ్మంలో ఆగిపోయింది.

“ఏమిరా నూరేది? రోలు తీసేసి పదేళ్లయింది కదా.”

మావైపు వందను నూరనే అంటారు, కానీ మందు గురించి చెప్పే చోట ఆ మాట వింటే చెయ్యి రోకలి కోసం వెతుకుతుంది. సరే, వంద అన్నాను. ఇక మధ్యలో ఉన్న ఆ చిన్న గీత. కబుర్లలో దాన్ని మనం అసలు పలకం. ఐదారు ఇడ్లీలు, పదీ పదిహేను మంది అంటాం. అలా అంటే ‘ఇంచుమించు’ అని అర్థం. మందు మోతాదులో ఆ గీతకు రెండు వైపులా ఉన్నవి హద్దులు, కాబట్టి ‘నుంచి’ అని నోరు తెరిచి చెప్పాలి. ఆ తర్వాతిది ‘మి.లీ.’. ఆ చుక్కల వెనక ‘మిల్లీలీటర్లు’ ఉందో ‘మిల్లీలీటర్ల’ ఉందో కాగితం చెప్పదు. పక్కన ఓఆర్ఎస్ ఉంది గనుక కొమ్ము ఎగిరిపోవాలి: “యాభై నుంచి వంద మిల్లీలీటర్ల ఓఆర్ఎస్.” ‘పది కిలోమీటర్లు దూరం’ అని చదివితే తప్పేమిటో చెప్పలేనివాళ్లకు కూడా చెవిలో రాయి పడ్డట్టుంటుంది.

అప్పటినుంచి మైకు ముందుకు వెళ్లేలోపే ఎర్ర పెన్ను తీసి ప్రతి అంకె మీదా దాన్ని అక్షరాల్లో రాసుకుంటున్నాను. “3 పిల్లలు” మీద ముగ్గురు, “8 పిల్లలు” మీద ఎనిమిది మంది. “108కి ఫోన్ చేయండి” మీద నూట ఎనిమిదికి, వెంటనే ఫోన్. ఈ ఊళ్లో ‘నూట ఎనిమిది’ అని ఆగితే జనం చేతులు జోడించి అష్టోత్తరం కోసం ఎదురుచూస్తారు.

రికార్డింగ్ అయ్యాక ఇంకో పరీక్ష ఉంది. మా వీధిలో ఉండే ఒక ఆశా కార్యకర్తకు తెర చూపించకుండా గొంతు మాత్రమే వినిపిస్తాను. వినబడిన లెక్కలు కాగితం మీద రాయమంటాను. ఆమె పెన్ను ఎక్కడ ఆగితే అక్కడ నా చదువు చెడిందన్నమాట.

ఆ రాత్రి చివరిది జింక్ పట్టిక. విడిగా ఎక్సెల్‌లో వచ్చింది. అర్ధరాత్రి ఒంటిగంట, ఎర్ర పెన్ను ఎక్కడో పడిపోయింది, పట్టికే కదా అని నేరుగా చదివేశాను. మర్నాడు ఆమె చెవి నుంచి ఇయర్‌ఫోన్ తీసి నా వైపు జాలిగా చూసింది.

“అన్నా, ఈ బిడ్డకు మాత్ర ఫిబ్రవరి ఒకటికి ఇయ్యమంటున్నావే, అంతవరకు ఏం చెయ్యమంటావు?”

పరుగెత్తి చూశాను. వయసు గడిలో `02-Jun`, మాత్ర గడిలో `01-Feb`. నేను రెండింటినీ నిండు గొంతుతో, వార్తలు చదివినట్టు చదివాను. కుర్రాడు మధ్యలో ఊపిరి శబ్దాలు కూడా శుభ్రంగా తీసేశాడు.

రాసినవాళ్లు కొట్టింది 2-6 నెలలకు 1/2 మాత్ర. గడిలో గీతతో రెండు అంకెలు కనబడితే ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుంటుంది. అంకెలకు ముందు ఒక ' గుర్తు పెడితేనో, ఆ గడిని ముందే టెక్స్ట్‌గా మారిస్తేనో వదిలేస్తుంది. ఆ కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉండి ఉంటే 1/2 కాస్తా జనవరి రెండు అయ్యేది, బిడ్డకు నెల ముందే మందు పడేది. సంస్థవాళ్లను అడిగి ఖాయం చేసుకుని మళ్లీ చదివాను: “రెండు నెలలు నిండి ఆరు నెలల లోపు బిడ్డకు రోజుకు అర మాత్ర, అంటే పది మిల్లీగ్రాముల జింక్. ఆరు నెలలు నిండితే రోజుకు ఒక మాత్ర, ఇరవై మిల్లీగ్రాములు. ఎవరికైనా పద్నాలుగు రోజులు.” ఆమె ఆగకుండా రాసేసింది.

పాఠం వెళ్లిపోయింది. డబ్బులు ఎప్పుడిస్తారని అడిగితే వాళ్లు మళ్లీ ఒక ఎక్సెల్ పట్టికే పంపారు. నా పేరు ఎదురుగా, ‘ఎన్ని రోజుల్లో’ అన్న గడిలో `03-Apr` అని ఉంది. మూడు నాలుగు రోజులే అయ్యుంటుందని కుర్రాడు ధైర్యం చెబుతున్నాడు. ఇవాళ అక్టోబరు ఇరవై.