ఈ బండి ఎన్నో కాంటూరు?

తాడేపల్లిగూడెంలో సెకండ్ హ్యాండ్ కార్లు అమ్మే మా బావకి ఉన్నట్టుండి బోర్డు మార్చాలనిపించింది. పాత బోర్డు మీద ‘నమ్మకానికి మారుపేరు’ అని ఉండేది. అదే వరసలో మందుల కొట్టు మీదా అదే మాట, చిట్టీల ఆఫీసు మీదా అదే మాట. చిట్టీలాయన ఒక రాత్రి సామాను సర్దేసుకుని వెళ్లాక, ఆ మాటున్న బోర్డులన్నిటినీ జనం ఒకే చూపు చూస్తున్నారని బావ బాధ.

“పత్రికల్లో రాస్తావు కదా బావా, నాలుగు మాటలు రాసిపెట్టు. బండి చెక్ చేసే ఇస్తామనీ, కాగితాలు పక్కాగా ఉంటాయనీ తెలియాలి” అన్నాడు. మాటకెంతని నేను అడగలేదు. బంధువుల దగ్గర మాటలకి రేటుండదు.

మొదట ‘ప్రతి బండీ పరీక్షించబడినది’ అని రాశాను. బావ చదివి, “ఇది బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారి ఆఫీసు గోడ మీద ఉండాల్సింది” అన్నాడు. అదీగాక పరీక్షించామని ఎవరు చెప్పుకోరు? ‘డాక్టరు గారు వాడిన బండి’ అనని అమ్మకందారు మా జిల్లాలో లేడు. ఆ లెక్కన ఇక్కడ డాక్టర్ల కంటే వాళ్లు వాడిన కార్లే ఎక్కువ. అందుకని ముందు నువ్వేం పరీక్షిస్తావో నాకు చూపించు, రాయడం తరవాత అన్నాను.

షెడ్డులో ఒక తెల్ల కారు ఉంది. 2019 జనవరిలో రిజిస్టరైన బండి. తలుపు తీస్తే మల్లెపూల సెంటు గుప్పుమంది. ఎవరో బ్రోకరు అమ్మిపెట్టమని తెచ్చి వదిలాడట. సెంటు మరీ ఎక్కువైతే దాని కింద ఇంకో వాసన ఉంటుందని బావకి అనుమానం. ఆయన ఇంజను జోలికే పోలేదు. ముందు సీటు బెల్టు పట్టుకుని లాగాడు. మనం రోజూ లాగినంత కాదు, ఇక రాదు అనేదాకా. సీట్లకి షాంపూ పెట్టిస్తారు, కింద కార్పెట్ మార్పిస్తారు, డాష్‌బోర్డు తళతళలాడిస్తారు. కానీ లోపల చుట్ట చుట్టుకుని ఉండే బెల్టు చివర సంగతి చాలామందికి గుర్తుండదు. నీళ్లు అక్కడిదాకా వస్తే మట్టి గీత అక్కడే ఉండిపోతుంది.

గీత లేదు. హమ్మయ్య అనబోతే బావ బెల్టు మొదట్లో కుట్టిన చిన్న చీటీ చూపించాడు. బెల్టు తయారైన ఏడాది దాని మీద ఉంటుంది. బండి 2019ది, డ్రైవరు బెల్టు 2024ది. “పళ్లు కట్టించుకున్నంత మాత్రాన వయసు తగ్గుతుందేటి?” అన్నాడు బావ. ఆ తరవాత సీటు వెనక్కి జరిపి, దాన్ని నేలకి బిగించిన బోల్టులు చూశాడు. తుప్పు. డిక్కీలో స్టెపినీ ఎత్తితే గుంట మూలన ఎండిన సన్నటి బురద. గోరుతో గీకితే పొడిపొడిగా రాలింది.

కొల్లేటి పక్కన పుట్టినవాడికి కాంటూరంటే చెప్పక్కర్లేదు. అయిదో కాంటూరు లోపలంతా అభయారణ్యమని 1999లో సర్కారు తేల్చిన దగ్గర్నుంచీ, పెళ్లిసంబంధం మాట్లాడేటప్పుడు కూడా చెరువు ఎన్నో కాంటూరులో ఉందని అడిగేవాళ్లున్నారు. కారుకీ కాంటూర్లుంటాయని నాకు ఆ రోజే తెలిసింది. నీళ్లు కాళ్లు పెట్టుకునే చోటుదాకానే వచ్చి వెంటనే తీస్తే, కార్పెట్ ఊడదీసి ఆరబెట్టి బతికించుకోవచ్చు. సీటు ఎత్తుకొస్తే కష్టం. గాలిసంచులు విచ్చుకోవాలని చెప్పే పెట్టె చాలా బండ్లలో ముందు సీట్ల మధ్య కిందే ఉంటుంది. అది తడిస్తే ఆ రోజే చెడదు, నెలలు గడిచాక కనెక్టర్లు పచ్చగా చిలుము పట్టి, అవసరమైన రోజున పలకదు. డాష్‌బోర్డు దాటిందా, ఆ బండిని అయినకాడికి విప్పి అమ్ముకోవడమే.

బెల్టు మీదున్న ఆ ఏడాదే, 2024 సెప్టెంబరులో, బుడమేరు గట్లు తెగి బెజవాడలో సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఆ బుడమేరు చివరికొచ్చి కలిసేది మన కొల్లేట్లోనే. నీళ్లు మాత్రం ఏ బ్రోకరూ లేకుండానే వచ్చాయి.

“తుప్పూ బురదా ఊరికే అనుమానాలే” అన్నాడు బావ. “చేపల చెరువు గట్టు మీద తిరిగే బండికి బురదుండదా? కాగితం ఏమంటుందో చూద్దాం.” 2025 జనవరిలో రెన్యూ చేయించిన బీమా పాలసీ తీశాడు. క్లెయిమ్ చేయని వాళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, మొదటి ఏడాది 20 శాతంతో మొదలై, వరసగా అయిదేళ్లు క్లెయిమ్ లేకపోతే 50కి చేరుతుంది. అంతవరకు ఒక్క క్లెయిమూ లేదని బ్రోకరు ప్రమాణం చేశాడు కాబట్టి ఈ పాలసీలో 50 ఉండాలి. ఉన్నది సున్నా. అంటే 2024 జనవరికీ 2025 జనవరికీ మధ్య ఎవరో క్లెయిమ్ చేశారు. బంపరు గుద్దుకుని కూడా అయ్యుండొచ్చు, పాలసీ అయిపోయాక 90 రోజుల్లోగా కట్టకపోయినా బోనస్ పోతుంది. కానీ కొత్త బెల్టు, పాత బురద, సున్నా బోనస్ మూడూ ఒకే ఏడాదిని చూపిస్తుంటే బావ బ్రోకరుకి ఫోను చేసి బండి తీసుకుపొమ్మన్నాడు. “కాస్త తడిసింది, అంతే” అన్నాడట ఆయన.

ఇక కాగితాలు. మన వైపు సంగతి తెలిసిందే. అమ్మినాయన 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టి, కొన్నవాడి పేరు చోటు ఖాళీగా వదిలేస్తాడు. ఓపెన్ ట్రాన్స్‌ఫరు. చట్టం ప్రకారం ఒకే రాష్ట్రంలోనైతే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్‌టీఓకి చెప్పాలి. చెప్పకపోతే ఏమవుతుందంటే, 2007లో ఒకాయన అమ్మేసిన కారు పేరు మారకుండా చేతులు మారుతూ పోయింది. 2009లో ప్రమాదం జరిగింది. బండి ఎవరి దగ్గరున్నా రికార్డులో పేరున్నవాడే ఓనరని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. డీలరుకి కూడా తప్పించుకునే దారి మూసుకుపోయింది. 2023 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధనల ప్రకారం గుర్తింపు తీసుకున్న డీలరుకి బండి అప్పజెప్పినట్టు 29సి ఫారంతో పోర్టల్‌లో తెలియజేస్తే, అది అమ్ముడయ్యేదాకా బాధ్యత డీలరుదే. బావ ఆ గుర్తింపు తెచ్చుకున్నాడు. అప్పట్నుంచి షెడ్డులో బండి తాళాలు పిల్లలకివ్వడం మానేశాడు.

అన్నీ చూశాక రాసిచ్చాను: ‘బెల్టు చివరిదాకా లాగండి. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టకండి.’

“ఇది నా బోర్డా, నా మీద ఫిర్యాదా?” అన్నాడు బావ. అయినా రాయించాడు.

బోర్డు కట్టిన వారం ఆకివీడు వైపు నుంచి చెరువుల ఆసామి ఒకాయన వచ్చాడు. బోర్డు చదివి ఉన్న బండ్లన్నిటి బెల్టులూ లాగాడు. ఒకటి నచ్చింది, బేరం కుదిరింది. “మంచి పని చేశారండి, ఇలా చెప్పేవాళ్లే కావాలి” అని బావ చెయ్యి పట్టుకుని ఊపాడు. తీరా ఫారాలు ముందు పెడితే గొంతు తగ్గించాడు.

“ఆయ్, పేరు దగ్గర కాస్త ఖాళీ వదిలేద్దురూ. నా పేరా, మా బామ్మర్ది పేరా ఇంట్లో ఇంకా తేల్లేదండి.”

బావ బోర్డు వైపు చూశాడు, నా వైపు చూశాడు. “బామ్మర్ది గారిని పిలవండి. ఆయనొచ్చేదాకా టీ ఖర్చు మా బావది” అన్నాడు.