రామూ చాయ్ తాగితే

హిందీ పండితుడిగా నేను దిద్దే తప్పుల్లో సగం, చూస్తే తప్పుల్లాగే ఉండవు. మా వీధిలో ఎనిమిదో తరగతి కుర్రాడు రాసిన వాక్యం చూడండి: ‘రామూ చాయ్ పియా.’ రాము టీ తాగాడని. తాగినవాడు మగవాడు, క్రియా మగదే. తెలుగు బుర్రకి ఇందులో వంక ఎక్కడ కనిపిస్తుంది?

‘రామూ నే చాయ్ పీ’ అని దిద్దాను. వాడు పుస్తకాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

“రాము ఆడపిల్ల ఎప్పుడయ్యాడు మాస్టారూ?”

“రాము కాదురా, చాయ్ ఆడది.”

సకర్మక క్రియ జరిగి పూర్తయిపోతే హిందీలో కర్తకి ‘నే’ తగులుకుంటుంది. ఇక క్రియ కర్త మొహం చూడదు, కర్మ వెంట పోతుంది. అందుకే సీత తాగినా సరే, తాగింది నీళ్ళయితే ‘సీతా నే పానీ పియా’ అనాలి. పానీ పుంలింగం, దూధ్ పుంలింగం. ఆ రెండూ కలిసి మరిగితే చాయ్ మాత్రం స్త్రీలింగం!

ఇదేం చోద్యమని గుండెలు బాదుకోనక్కర్లేదు. ‘రాముడి చేత పండ్లు తినబడ్డాయి’ అన్నప్పుడు మన క్రియా పండ్ల పక్షమే కదా. సంస్కృతంలో ‘రామేణ ఫలం ఖాదితమ్’ అనే ఆ కర్మణి పద్ధతే ఇక్కడ హిందీకి మూలం. మనం పత్రికల్లో తప్ప వాడని ‘బడు’ని వాళ్ళు రోజూ టీ దగ్గర వాడుతున్నారన్నమాట. హైదరాబాదు దక్ఖనీ మాట్లాడేవాళ్ళు చాలామంది ఈ ‘నే’ గొడవే పెట్టుకోరు. కానీ పరీక్ష పేపరు దిద్దేది వాళ్ళు కాదుగా.

కుర్రాడికి సూత్రం అందింది. ఆ ఉత్సాహంలో ‘రామూ నే చాయ్ లాయీ’ అని రాశాడు. కొట్టేశాను. లానా సకర్మకంలా కనిపించినా ‘నే’ని దగ్గరికి రానివ్వదు, కాబట్టి ‘రామూ చాయ్ లాయా’. భూల్‌నాదీ అదే తీరు.

“అంటే టీ తెచ్చినంతసేపూ మగాడే, తాగితేనే చిక్కా?”

“చిక్కు రాముకి కాదు, క్రియకి” అంటూ, అక్కడితో ఆగకుండా ‘సీతా నే గీతా కో బులాయా’ అని రాసి చూపించాను. సీతకి ‘నే’ అడ్డం, గీతకి ‘కో’ అడ్డం. ఎవరి వెంటా పోలేని క్రియ పుంలింగ ఏకవచనంలో నిలబడిపోతుంది.

“ఇద్దరూ ఆడవాళ్ళే కదా మాస్టారూ, మధ్యలో ఈ మగాడెవడు?”

జవాబు వినకుండానే పుస్తకం లాక్కుని ‘రామూ చాయ్ పీతా హై’ అని రాసుకున్నాడు. వర్తమానంలో ‘నే’ రాదు, క్రియ బుద్ధిగా కర్త మాటే వింటుంది. ఎక్కడా తప్పు లేదు. అప్పట్నుంచి వాడి హిందీ కథల్లో ఎవరూ ఏదీ తాగేసి ఉండరు. అందరూ తాగుతూనే ఉంటారు.