నూలు పుస్తకం చదివించేటప్పుడు వినకూడని నాలుగు సలహాలు

వరంగల్ కొత్తవాడ జంపఖానాల పేట. 2018లో వరంగల్ జంపఖానాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక్కడి నేత సంఘాల్లో లెక్కంతా నూలు పుస్తకం మీదే నడుస్తుంది. ఎవరికి ఎంత నూలు ఇచ్చారు, ఎంత బరువు జంపఖానాలు తెచ్చారు, తరుగు ఎంత, నిల్వ ఎంత, కూలి ఎంత అన్నది గడి గడిలో ఉంటుంది. అలాంటి పుస్తకాన్ని స్కాన్ చేసి యంత్రంతో చదివిస్తున్నారనుకుందాం. ప్రతి గడికీ అది ఒక అంకెతో పాటు తన నమ్మకానికి నూటికి ఇన్ని అని మార్కు ఇస్తుంది. మార్కు తక్కువైన గడులు మనిషికి పంపి, మిగతావి నేరుగా ఎక్కించాలి. ఈ పద్ధతి మంచిదే. కానీ దాని చుట్టూ తిరిగే సలహాల్లో ఈ నాలుగూ నేతన్న కూలిని తప్పు రాయిస్తాయి.

1. “తొంభై దాటితే కళ్ళు మూసుకుని ఎక్కించండి”

తొంభై మార్కు అంటే నూటికి తొంభై సార్లు ఒప్పని అర్థం కాదు. అది యంత్రం తన లోపల వేసుకున్న కొలత. మీ పుస్తకంలోని సిరాకూ చేతిరాతకూ అది సరిపోతుందో లేదో ముందే తెలియదు. పుస్తకం నలుమూలల నుంచి లాటరీ తీసినట్టు 400 గడులు తీయండి. ఇద్దరు మనుషులు విడివిడిగా టైపు చేసి, తేడా వచ్చినచోట కాగితం చూసి తేల్చాలి. తర్వాత మార్కుల వారీగా కట్టలు కట్టి, ఏ కట్టలో ఎన్ని తప్పులున్నాయో లెక్కపెట్టండి. ఉదాహరణకు 90–95 కట్టలోని 100 గడుల్లో 6 తప్పులు దొరికితే ఆ కట్ట మనిషి దగ్గరికే వెళ్ళాలి. 98 పైన ఉన్న 150 గడుల్లో ఒక్క తప్పూ లేకపోయినా సంబరపడొద్దు. తప్పు దొరకనప్పుడు 3ను గడుల సంఖ్యతో భాగిస్తే, ఉండగలిగిన తప్పుల పైహద్దు సుమారుగా తెలుస్తుంది. 3/150 అంటే నూటికి 2. అలాంటివి 5,000 గడులుంటే 100 దాకా తప్పులు దాగి ఉండవచ్చు. కూలి గడికి అది చాలా ఎక్కువ, అక్కడ ఇంకా ఎక్కువ గడులు పరీక్షించాలి.

2. “గడిలోని అంకెల మార్కులకు సగటు తీయండి”

కూలి 1475 అని ఉంది. నాలుగు అంకెలకు మార్కులు 99, 99, 99, 52. సగటు 87 పైచిలుకు. హద్దు 85 దగ్గర పెట్టుకుంటే గడి దాటిపోతుంది. చివరి అంకె మీద మాత్రం యంత్రానికే సగం సగం అనుమానం. ఒక్క అంకె తప్పితే మొత్తం గడి తప్పే. అందుకే సగటు వద్దు, అతి తక్కువ మార్కునే గడి మార్కుగా తీసుకోండి. ఊరి పేరు గడిలో ఒక అక్షరం పోతే తర్వాత సరిదిద్దుకోవచ్చు. డబ్బు గడికి, బరువు గడికి మాత్రం వేరే హద్దు పెట్టండి.

3. “అనుమానం ఉన్నవే చూస్తే చాలు”

అనుమానమే లేకుండా తప్పు చదవడం యంత్రానికి మామూలే. 1, 2, 3 లాంటి అంకెలు మాత్రమే నేర్చుకున్న యంత్రం ముందు ౧, ౨, ౩ అని రాసిన పాత పేజీ పెడితే, ‘నాకు రాదు’ అనదు. తనకు తెలిసిన పది అంకెల్లో ఏదో ఒకదానిలో దాన్ని ఇరికిస్తుంది, ఒక్కోసారి మంచి మార్కుతోనే. అలాగే చదవకుండా వదిలేసిన గడికి మార్కే ఉండదు కాబట్టి, అది అనుమానాల జాబితాలోకి రాదు. పేజీలో ఎన్ని వరుసలున్నాయో విడిగా లెక్కపెట్టుకోవాలి.

ఇక్కడ నూలు పుస్తకమే మనకు సాయం చేస్తుంది. ఇచ్చిన నూలు 12.500 కిలోలు, వచ్చిన జంపఖానాలు 9.250, తరుగు 0.250, నిల్వ 3.000. చివరి మూడూ కలిపితే 12.500 రావాలి. యంత్రం 9.250ని 9.750 అని 97 మార్కుతో చదివితే మొత్తం 13.000 అవుతుంది, అరకిలో తేడా పట్టేస్తుంది. లెక్క కుదరని వరుస, దాని మార్కులు ఎంత బాగున్నా, మొత్తంగా మనిషికి వెళ్ళాలి. కుదిరిన వరుసల్లోంచి కూడా ప్రతి కట్ట నుంచి కొన్ని గడులు మనిషి చూడాలి. కొత్త గుమాస్తా రాత మొదలైన పేజీ నుంచి 400 గడుల పరీక్ష మళ్ళీ చేయాలి.

4. “యంత్రం చదివింది పక్కనే చూపిస్తే పని త్వరగా అవుతుంది”

త్వరగా అవుతుంది, నిజమే. కానీ 9.750 అని కనిపించాక, మసక 2 కూడా కంటికి 7 లాగే అనిపిస్తుంది. మనిషి చదవడం మాని, సరేనని నొక్కడం మొదలుపెడతాడు. గడి బొమ్మ ఒక్కటే చూపించండి. దాని పక్క గడులు కనిపించనివ్వండి, యంత్రం జవాబు మాత్రం దాచండి. మనిషి టైపు చేశాక రెండూ పోల్చండి. తేడా వస్తే మూడో మనిషి అసలు పుస్తకం తెరిచి చూడాలి. అక్కడా తేలకపోతే ఊహించి నింపకండి, ‘చదవడానికి రాలేదు’ అని రాయండి. అలా రాసిన గడి గురించి నేతన్న అడగగలడు. తప్పు అంకె నింపిన గడి గురించి అతనికి తెలిసే దారే లేదు.