కంది మందు మెసేజ్: విడ్డూరంగా అనిపించినా పాటించాల్సిన నాలుగు సలహాలు

కల్మలలోనూ, రాయచూరు చుట్టుపక్కలా తెలుగు మాట్లాడే కంది రైతులకు మందు మోతాదు మెసేజ్ పంపేవారు ముందు ఇది చదవండి. ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి. తెలుగు అక్షరం ఒక్కటి చేరినా మొత్తానికి 70 చోట్లే మిగులుతాయి. గుణింతం, పొల్లు, సున్నా, ఖాళీ ఒక్కోటీ ఒక్కో చోటు తింటాయి. ‘క్లోరాంట్రానిలిప్రోల్’ అన్న మందు పేరొక్కటే 21 చోట్లు.

1. ఒక్క మెసేజ్‌లో ఇరికించకండి.

‘కందిలో కాయతొలుచు పురుగుకు క్లోరాంట్రానిలిప్రోల్ 0.3మి.లీ/లీ పిచికారీ’. ఇది 68 చోట్లలో సరిపోయింది. కానీ ఎప్పుడు కొట్టాలో లేదు, ఎకరాకు ఎంతో లేదు. రెండు మెసేజ్‌లు కలిపి పంపితే ఒక్కోదానిలో 67 చొప్పున 134 చోట్లు దొరుకుతాయి. ఖర్చు రెట్టింపైనా అలాగే పంపండి.

2. లీటరు లెక్క చెప్పకండి.

పుస్తకాల్లో 0.3 మి.లీ. అనే ఉంటుంది. పక్క రైతుకు నోటితో చెప్పేటప్పుడు ‘పాయింట్’ జారిపోతే మూడు మి.లీ. అవుతుంది, అంటే పదింతలు. 20 లీటర్ల ట్యాంకులో 6 మి.లీ. బదులు 60 మి.లీ. పడుతుంది. ఎకరానికంతా సరిపోయే మందు ఒక్క ట్యాంకులోనే అయిపోతుంది. అందుకే మోతాదులో చుక్క లేకుండా, ఎకరాకు మొత్తం మందు, మొత్తం నీళ్లు రాయండి.

3. తేదీ ఇవ్వకండి.

‘రేపు’ అన్న మెసేజ్ ఫోన్ ఆపి ఉంటే ఎల్లుండి చేరుతుంది. విత్తిన రోజు పొలానికో తీరు కాబట్టి ‘ఈ వారం’ అన్నా అందరికీ కుదరదు. చేను ఏ దశలో ఉండాలో చెప్పండి. అది రైతు కళ్లకు కనిపిస్తుంది.

4. పురుగు గురించి పాఠం చెప్పకండి.

నమస్కారం, హెచ్చరిక, శాఖ పేరు అన్నీ తీసేసి ఆ చోటు అంకెలకు ఇవ్వండి. మందు పేరు మాత్రం కుదించకండి. కొట్టువాడు ఇచ్చిన బుడ్డి మీద రైతు పోల్చి చూసేది ఆ పేరునే.

ఈ నాలుగూ పాటిస్తే మెసేజ్ ఇలా ఉంటుంది:

‘కంది కాయతొలుచు పురుగుకు: క్లోరాంట్రానిలిప్రోల్ 18.5%. ఎకరాకు మొత్తం 60 మి.లీ, నీళ్లు 200 లీటర్లు. సగం మొక్కలు పూతకు రాగానే, సాయంత్రం.’

లెక్కపెడితే 133 చోట్లు. ముక్కలు విడిపోయేది 67వ చోట, ‘మొత్తం’ తర్వాత. మొదటి ముక్కే చేరితే అందులో మోతాదు లేదు కాబట్టి తప్పు మోతాదు కొట్టే ప్రమాదం లేదు. మందు, నీళ్లు, వేళ మూడూ రెండో ముక్కలో కలిసే ఉన్నాయి. ఒకటి రెండు మాటలు మార్చినా ఈ తెగే చోటు జరుగుతుంది, మళ్లీ లెక్కపెట్టండి.

పంపేముందు ఒక రైతుకు చూపించి, ‘మీ 20 లీటర్ల ట్యాంకులో ఎంత పోస్తారు?’ అని అడగండి. ‘ఆరు మి.లీ., పది ట్యాంకులు’ అన్న జవాబు వస్తేనే పంపండి. వేరే జవాబు వస్తే తప్పు రైతుది కాదు, మెసేజ్‌ది.