కరెంటు ఉండదు, చింతిస్తున్నాము

ధర్మపురి అనగానే మనవాళ్లకు గోదావరి, నరసింహస్వామి గుర్తుకొస్తారు. ఇది ఆ ధర్మపురి కాదు. హైదరాబాదు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని బెంగళూరు, హోసూరు, కృష్ణగిరి దాటితే తగిలే తమిళనాడు జిల్లా కేంద్రం. మండల దీక్షల కాలంలో శబరిమల బస్సులు ఈ దారినే పోతాయి. రాత్రి పొద్దుపోయాక ఏదో ఒక లాడ్జి ముందు ఆగుతాయి. పొద్దున్నే ఆ లాడ్జి లిఫ్టు పక్కన ఒక కాగితం వెలుస్తుంది.

కాగితంలో ఏముంటుంది? ‘ప్రియమైన అతిథులకు వినయపూర్వక మనవి. విద్యుత్ శాఖ వారి నిర్వహణ పనుల కారణంగా నేడు కరెంటు ఉండదు. మీకు కలుగుతున్న అసౌకర్యానికి ఎంతగానో చింతిస్తున్నాము. దయచేసి సహకరించండి. ఇట్లు, యాజమాన్యం.’ ఐదు వాక్యాల్లో పనికొచ్చేది ఒక్కటి. అందులోనూ ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో లేదు. చింత మాత్రం పుష్కలంగా ఉంది.

నిజానికి విద్యుత్ శాఖను ఇక్కడ పెద్దగా తప్పుపట్టలేం. తమిళనాడులో సబ్‌స్టేషన్లకు నెలవారీ నిర్వహణ అని ఒకటుంటుంది. ఇన్సులేటర్లు తుడుస్తారు, వదులైన జంపర్లు బిగిస్తారు, తీగల మీద పడే కొమ్మలు నరుకుతారు. దానికోసం పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 2 దాకానో, సాయంత్రం 5 దాకానో సరఫరా ఆపుతామని ముందుగానే పేపర్లో వేయిస్తారు. ఏయే ఊళ్లో, వీధులో వరసగా రాసి, చివర ‘మరియు చుట్టుపక్కల ప్రాంతాలు’ అంటారు. మన లాడ్జి జాబితాలో ఉందా, చుట్టుపక్కల ఉందా అన్నది 9 దాటితే గానీ తేలదు. తెలుసుకోవాలంటే 2021లో పెట్టిన ‘మిన్నగం’ అనే ఫిర్యాదుల కేంద్రానికి ముందురోజు ఫోన్ చేయొచ్చు. కానీ ఫోన్ చేస్తే టైము తెలిసిపోతుంది, తెలిస్తే కాగితం మీద రాయాలి, రాస్తే దానికి కట్టుబడాలి. చింతించడానికి ఈ బాధలేవీ లేవు.

ఒక లాడ్జి అనుకుందాం. ఇరవై గదులు, డాబా మీద 5,000 లీటర్ల నల్ల ట్యాంకు, కింద సంపు, సంపులోంచి పైకి ఎక్కించే ఐదు హార్స్‌పవర్ మోటారు. రాత్రి నలభై ఐదుమంది స్వాములు దిగారు. స్వాములు తెల్లవారుజామున నాలుగింటికే లేస్తారు. తలస్నానాలు చేసి, నల్ల పంచెలు ఉతికి బాల్కనీల్లో ఆరేస్తారు. మనిషికి నలభై లీటర్లు వేసుకున్నా, అప్పటికే 1,800 లీటర్లు పోయినట్టు. ఆపైన మిగతా గదుల వాళ్లు లేస్తారు. ఎనిమిదిన్నరకు ట్యాంకులో మూడో వంతు మిగిలితే అదృష్టం.

ఆ ఎనిమిదిన్నరకు మోటారు వేసి ట్యాంకు నింపితే, పొదుపుగా వాడుకుంటే మధ్యాహ్నం దాకా నెట్టుకురావచ్చు. అయితే ఆ సమయానికి రిసెప్షన్లో కుర్రాడు మోటారు దగ్గర ఉండడు, చింతిస్తున్న కాగితానికి టేపు అంటిస్తూ ఉంటాడు. తొమ్మిదికి కరెంటు పోతుంది. పదిన్నరకు కుళాయి గాలి ఊదుతుంది.

గురుస్వామి కిందికి దిగుతారు. మేనేజరుది హోసూరు పక్క ఊరు, తెలుగు బాగానే వచ్చు.

“ఏం నాయనా, నీళ్లు రావటం లేదే?”

“కరెంటు లేదు స్వామీ. రెండింటికి వచ్చేస్తుంది.”

“కరెంటు సంగతి కాగితంలో చదివాం. నీళ్ల సంగతి రాయలేదుగా!”

“కరెంటు లేకుంటే నీళ్లు రావు కదా స్వామీ, అందరికీ తెలిసిందే.”

అందరికీ తెలిసిందే, మోటారు వేయాల్సినవాడికి తప్ప.

“జనరేటరు ఉందన్నారుగా?” ఉంది. దాని మీద లైట్లు, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. మోటారు మాత్రం తిరగదు. ఐదు హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు ఏడెనిమిది ఆంపియర్లే తీసుకుంటుంది గానీ, మొదలయ్యే క్షణంలో దానికి ఐదారింతలు లాగుతుంది. లాడ్జి కొన్న 15 కేవీఏ జనరేటరు మొత్తం ఇవ్వగలిగేది ఇరవై చిల్లర. మోటారు స్విచ్చి వేస్తే లైట్లు మసకబారి, జనరేటరు గుర్రుమని ఆగిపోతుంది. ఇది కొన్న రోజే తెలిసిన సంగతి. అయినా బోర్డు మీద ‘24 గంటల జనరేటరు, 24 గంటల నీరు’ అని పక్కపక్కనే రాయించారు. రెండూ నిజమే, ఒకేసారి కాదంతే.

ఇక ప్రత్యామ్నాయం. చాలా కాగితాల్లో ఇది ఉండదు. ఉన్నచోట ‘పెరట్లో బోరు నీళ్లు కలవు’ అని ఉంటుంది. ఇంకో ఊళ్లో అయితే చాలు. ధర్మపురిలో చాలదు. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల భూగర్భజలంలో ఫ్లోరైడు చాలాచోట్ల హద్దు మీరి ఉంటుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన ప్రమాణం. నల్గొండవాళ్లకు ఈ కథ వేరే చెప్పక్కర్లేదు. ఈ బాధ పడలేకే జపాను అప్పుతో హొగెనక్కల్ దగ్గర కావేరి నీళ్లు ఎత్తి, శుద్ధి చేసి ఊరూరికీ పంపే పథకం కట్టారు. 2013లో ప్రారంభించారు. స్నానానికి బోరు నీళ్లకేం దోషం లేదు. తాగడానికే పనికిరావు. ‘కాచి తాగండి’ అని కాగితంలో కలిపితే ఇంకా అన్యాయం. కాచితే పురుగు చస్తుంది గానీ ఫ్లోరైడు పోదు, నీళ్లు ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. ఆర్వో యంత్రం తీస్తుంది నిజమే, కానీ అదీ కరెంటు మీదే నడుస్తుంది. కాబట్టి ముందురోజు రాత్రే ఇరవై లీటర్ల క్యాన్లు తెప్పించి అంతస్తుకు రెండేసి పెట్టాలి. మూడు అంతస్తులకు ఆరు క్యాన్లు. ఆ ఖర్చు కన్నా చింత చవక.

రెండింటికి కరెంటు వచ్చాక జరిగేది ఇంకో ఘట్టం. పొద్దున కుళాయి తిప్పి చూసి, రాకపోయేసరికి అలాగే వదిలేసి గది తాళం వేసుకుని వెళ్లినవాళ్లు ఉంటారు. ట్యాంకు నిండగానే ఆ గదిలోంచి నీళ్లు కారిడార్లోకి వస్తాయి. బకెట్టు కోసం పొద్దున బతిమాలినవాళ్ల ముందే సాయంత్రం మెట్ల మీద జలపాతం.

అలసిపోయిన గురుస్వామి ఆ రోజు కాగితం వెనక్కి తిప్పి, ఇరుముడి సామాన్ల చీటీ రాసే పెన్నుతో ఇలా రాసిచ్చారట:

‘రేపు ఉదయం 9 నుంచి 2 వరకు కరెంటు ఉండదు, పని ముందే అయిపోతే ముందే రావచ్చు. స్నానాలు 8 లోపు ముగించండి. గదికి రెండు బకెట్లు 8.30కి నింపి ఇస్తాం. లైట్లు, ఫ్యాన్లు జనరేటరు మీద నడుస్తాయి. లిఫ్టు, గీజరు, ఏసీ నడవవు. మెట్లెక్కలేని పెద్దవాళ్లు చెబితే కింది అంతస్తు గది మారుస్తాం. తాగేందుకు క్యాన్ నీళ్లు ప్రతి అంతస్తులో ఉన్నాయి, పెరట్లో బోరు నీళ్లు తాగకండి. బయటికి వెళ్లేటప్పుడు కుళాయి కట్టేయండి. కుళాయిల్లో నీళ్లు మళ్లీ 2.30 తర్వాత. ఇబ్బందికి మన్నించండి, ఖాళీ చేయాల్సిన టైము రెండు గంటలు పొడిగించాం.’

మేనేజరు చదివి, బాగుందన్నాడు. యజమాని చదివి, ఆ చివరి వాక్యంలో రెండో సగం కొట్టేయమన్నాడు.