డెబ్బై రెండు, నూటికి రెండు

నైరుతి రుతుపవనాలు మొహం చాటేసిన ఏడాది కూడా అనంతపురానికి క్రమం తప్పకుండా వచ్చేవాళ్లు రెండు రకాలున్నారు. కరువును పరిశీలించే బృందం వాళ్లు, పొదుపును బోధించే బృందం వాళ్లు. మొదటివాళ్లు ఎండిన వేరుశనగ చెట్టును పీకి, కాయలు లేవని నిర్ధారించుకుని వెళ్లిపోతారు. రెండోవాళ్లు బైపాసు పక్కన ఏసీ హాలు తీసుకుని, మొదటి జీతం అందుకున్న పిల్లల్ని కూర్చోబెట్టి, చక్రవడ్డీ అనే అద్భుతాన్ని పరిచయం చేస్తారు. అది ప్రపంచంలో ఎనిమిదో వింత అట. ఐన్‌స్టీన్ అన్నాడట. ఎక్కడ అన్నాడో, ఎప్పుడు అన్నాడో ఎవరూ చూపించరు. భౌతికశాస్త్రం వదిలేసి ఆయన వడ్డీ వ్యాపారం మీద ఎందుకు పడ్డాడో అసలే చెప్పరు.

చక్రవడ్డీని అనంతపురానికి పరిచయం చేయడమా! మా వైపు చాలా ఇళ్లలో అది ట్రంకుపెట్టెలో పట్టాదారు పాసుపుస్తకం కిందే ఉంటుంది. కాకపోతే అది మన వైపు కాదు, ఎదుటివాడి వైపు పనిచేస్తుంటుంది.

హాల్లో బోధకుడు చూపించే బొమ్మ ఒకటే. నెలకు 2,000 రూపాయలు సిప్‌లో పెట్టు, ఏడాదికి 12 శాతం వస్తుంది, 30 ఏళ్లకు 70 లక్షలు. ఆ వెంటనే 72 సూత్రం: 72ను వడ్డీ శాతంతో భాగిస్తే డబ్బు ఎన్నేళ్లకు రెట్టింపవుతుందో తెలుస్తుంది. 12 శాతమైతే ఆరేళ్లు. సూత్రం నిజమే, పాతదే కూడా. 1494లో వెనిస్‌లో అచ్చయిన లూకా పచోలీ లెక్కల పుస్తకంలోనే ఉంది. బోధకుడు దాన్ని ఒక్కసారే వాడి ఆపేస్తాడు, తప్పంతా అక్కడే ఉంది. ధరలు ఏటా ఆరు శాతం పెరుగుతాయనుకుందాం. అదే 72ను ఆరుతో భాగిస్తే 12. అంటే పన్నెండేళ్లకోసారి ధరలూ రెట్టింపు. 30 ఏళ్లలో అవి దాదాపు ఐదున్నర రెట్లు దాటుతాయి. బొమ్మలోని 70 లక్షలతో అప్పుడు కొనగలిగేది ఈరోజు పన్నెండు లక్షలతో కొనేదే. ఇక ఆ 12 శాతం మార్కెట్ గతంలో ఎంత ఇచ్చిందో చూసి వేసుకున్న అంచనానే గానీ, ఎవరూ రాసిచ్చిన మాట కాదు. బొమ్మలో మాత్రం అది పోస్టాఫీసు ముద్ర వేసినంత ధీమాగా ఉంటుంది.

సరే, హాల్లో ఆఖరి వరసలో ఉన్న పిల్లాడి సంగతి చూద్దాం. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు వెలిశాయి. అలాంటిదాంట్లో చేరాడనుకోండి. జీతం చేతికొచ్చాక ఇంటికి పంపి, బస్సుకూ తిండికీ పోను రెండు వేలు మిగులుతుంది. ఇంట్లో వాళ్ల నాయన పేరిట లక్ష రూపాయల ప్రోనోటు ఉంది. బోరు కోసమో, అక్క పెళ్లి కోసమో తెచ్చింది. వడ్డీ నూటికి రెండు.

మనం వడ్డీని ఏడాదికి ఇంత శాతమని చెప్పుకోం, నెలకు నూటికి ఎన్ని రూపాయలో చెప్పుకుంటాం. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24. డ్వాక్రా సంఘాలకు ఒకప్పుడు వచ్చిన పావలా వడ్డీ అంటే మూడు శాతం. అందుకే 72 సూత్రాన్ని మన భాషలోకి దించుకుంటే ఇంకా సులువు. 72ను పన్నెండుతో భాగిస్తే ఆరు. ఆ ఆరును వడ్డీ రూపాయలతో భాగించు, ఏళ్లు వస్తాయి. రూపాయి వడ్డీకి ఆరేళ్లు, రెండు రూపాయలకు మూడేళ్లు, మూడు రూపాయలకు రెండేళ్లు. వడ్డీ ఏటేటా అసల్లో కలుస్తుంటేనే ఈ లెక్క నిలుస్తుంది. రేటు పెరిగేకొద్దీ కాస్త తొందరపడుతుంది కూడా. 24 శాతానికి అది చెప్పేది మూడేళ్లు, ఏటా కలిపితే నిజానికి పట్టేది మూడేళ్ల మూడు నెలలు. నోటి లెక్కకు ఆ తేడా పర్వాలేదు.

ఇప్పుడు ప్రోనోటు ఎలా నడుస్తుందో చూడండి. కాగితం మీద అది బారువడ్డీనే. లక్షకు నెలకు రెండు వేలు, ఏడాదికి 24 వేలు, మూడేళ్లకు 72 వేలు. (ఈ 72కూ సూత్రంలోని 72కూ సంబంధం లేదు, అయినా దాన్ని చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది.) 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ప్రోనోటు మీద దావా మూడేళ్లలోపు వేయాలి. అందుకే మూడో ఏడు ముగిసేముందు అప్పిచ్చినాయన సరిగ్గా పంచాంగం చూసినట్టు వస్తాడు. గొంతులో కోపం ఉండదు.

"ఏమప్పా, కట్టమని అడగడానికి రాలేదులే. వానలు లేవని నాకు తెలీదా? నోటొకటి తిరగరాసుకుందాం."

ఎంత మర్యాద! కొత్త నోటు మీద అంకె 1,72,000. రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీదుగా సంతకం. పాత నోటు చించేస్తారు, ఆ ముక్కలు చూసి నాయనకు అప్పు తీరినంత తేలిక. ఆ క్షణంలోనే బారువడ్డీ చక్రవడ్డీ అయింది. ఇక నెలకు రెండు వేలు కాదు, 3,440. మళ్లీ మూడేళ్లకు తిరగరాస్తే 2,95,840. తొమ్మిదో ఏటికి ఐదు లక్షల ఎనిమిది వేల పైచిలుకు. అదే లక్ష, అదే రెండు రూపాయల వడ్డీ, నోటు ఒక్కసారి కూడా తిరగరాయకుండా బారువడ్డీగానే నడిచి ఉంటే తొమ్మిదేళ్లకు 3,16,000. మధ్యలోని లక్షా తొంభై రెండు వేలు రెండు సంతకాల ఖరీదు.

మన పిల్లాడు హాల్లోంచి ఉత్సాహంగా బయటికొచ్చి, సిప్‌కు ధైర్యం చాలక, పోస్టాఫీసులో నెలకు 2,000 చొప్పున ఐదేళ్ల ఆర్డీ కట్టాడనుకోండి. 6.7 శాతం వడ్డీ, మూడు నెలలకోసారి కలుస్తుంది. ఐదేళ్లలో కట్టింది లక్షా ఇరవై వేలు, చేతికొచ్చేది దాదాపు 1,42,700. వడ్డీ 22 వేల ఏడు వందలు. ఇంతేనా అని వాడి మొహం వాడిపోతుంది. 72 సూత్రాన్ని నెలనెలా కట్టే డబ్బుకు వర్తింపజేసేవాళ్లందరికీ ఇదే గతి. మొదటి కిస్తీ అరవై నెలలు పనిచేసింది, ఆఖరి కిస్తీ ఒక్క నెలే. సగటున ఒక్కో రూపాయి అక్కడ ఉన్నది రెండున్నరేళ్లు. ఒకేసారి వేసి కదపకుండా ఉంచిన డబ్బుకే ఆ సూత్రం. ఈ మాట బోధకుడి బొమ్మ కింద చిన్నక్షరాల్లో కూడా ఉండదు.

ఆ ఐదేళ్లలో ట్రంకుపెట్టెలో నోటు ఏం చేసింది? మూడేళ్లకు 1,72,000 అయి, తిరగరాసుకుని, ఇంకో రెండేళ్లకు 2,54,560 అయింది. పిల్లాడు ఆర్డీ డబ్బంతా తెచ్చి నాయన చేతిలో పెట్టి అప్పుకు జమ చేయమన్నా, ఇంకా 1,11,800 పైన బాకీ. ఐదేళ్లు బుద్ధిగా పొదుపు చేసి, తెచ్చిన లక్ష కన్నా ఎక్కువ అప్పులో నిలబడ్డాడు! ఆర్డీ పాసుపుస్తకం మాత్రం శుభ్రంగా, అట్ట వేసి ఉంది.

ఆ రెండు వేలను నెలనెలా నోటుకే కట్టి ఉంటే? వడ్డీ సరిపోయి అప్పు లక్ష దగ్గరే ఆగేది. పన్నెండు వేలు మేలు, అంతేనా అంటారు. ఎలాగో ఇంకో వెయ్యి కలిపి మూడు వేలు కట్టి, అసలు తగ్గేకొద్దీ వడ్డీ తగ్గేలా మాట్లాడుకుంటే, యాభై ఆరో నెలకు నోటు పూర్తిగా తీరిపోతుంది. అదనపు వెయ్యి ఒక్కటే లక్షను కరిగించింది, ఎందుకంటే అది 24 శాతం దగ్గర పనిచేస్తోంది. దేశంలో ఏ మ్యూచువల్ ఫండూ రాసివ్వని 24 శాతం, రిస్కు లేకుండా, మన ఇంట్లోనే! హాల్లో ఎవరూ ఈ పథకం గురించి చెప్పరు, ఇందులో ఎవరికీ కమీషన్ లేదు కాబట్టి.

కట్టడానికీ ఓ పద్ధతుంది. చేతిలో పెట్టి "రాసుకో అన్నా" అని వచ్చేస్తే ఆయన రాసుకుంటాడో లేదో దేవుడికెరుక. నోటు వెనకవైపే తేదీతో చెల్లు రాయించి, కట్టినాయన సంతకం చేయాలి, ఫోన్లో ఫొటో తీసుకోవాలి. నోటుదారులు చెప్పని ముచ్చట ఇంకొకటుంది. గడువు ముగిసేలోపు అలా రాసి, బాకీదారు సంతకం చేసిన చెల్లు ఉంటే, దావా వేసే గడువు ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతుంది. కాబట్టి "గడువు దాటిపోతుందప్పా, తిరగరాయాల్సిందే" అంటే, "అక్కర్లేదన్నా, ఐదు వేలు చెల్లు రాసుకో" అనొచ్చు. ఆయన హక్కు భద్రంగా ఉంటుంది, మన అసలు లక్ష లక్షగానే ఉంటుంది. దానికీ ఒప్పుకోకపోతే ఆయనకు కావలసింది గడువు కాదు, వడ్డీ మీద వడ్డీ అని అర్థం. రైతుల అప్పులకు వడ్డీని బారువడ్డీగానే లెక్కగట్టి తగ్గించాలని మద్రాసు ప్రభుత్వం 1938లోనే చట్టం చేసింది, అనంతపురం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. కానీ అది కోర్టు మెట్లెక్కినవాడికి. మా ఊళ్లలో కోర్టుకెక్కేది ఎక్కువగా నోటున్నవాడే.

నోటు తీరాక ఆర్డీ పెట్టుకో నాయనా, ఎవరొద్దన్నారు? ఐదేళ్లకు వచ్చిన లక్షా నలభైని ముట్టకుండా కిసాన్ వికాస్ పత్రలో వేస్తే 72 సూత్రం అప్పుడు నిజంగా పనికొస్తుంది. 7.5 శాతానికి 72ను భాగిస్తే 9.6 ఏళ్లు, పోస్టాఫీసు వాళ్లు చెప్పేదీ 115 నెలలే, రెండూ ఒకటే. 1988లో ఇదే పత్రం మొదలైనప్పుడు ఐదున్నరేళ్లకే రెట్టింపు చేసేది. మన తాతల నాటి ఆ జ్ఞాపకాన్నే పట్టుకుని, ఐదేళ్లకు డబుల్ చేస్తామంటూ ఇప్పటికీ కొందరు ఊళ్లలోకి వస్తుంటారు. అగ్రిగోల్డ్‌లో లక్షల కుటుంబాలు మునిగాక కూడా వస్తున్నారు. ఐదేళ్లకు డబుల్ అంటే ఆరును ఐదుతో భాగించు: రూపాయి ఇరవై పైసల వడ్డీ. బ్యాంకు ముప్పావలాకు బంగారం మీద అప్పిస్తుంటే, ఈయన మనకు రూపాయి ఇరవై ఇచ్చి తానెక్కడ సంపాదిస్తాడో అడగండి. టీ తాగి వెళ్తానని కూర్చున్నవాడు టీ రాకముందే లేస్తాడు.